బిల్లు రెండుసార్లు వెనక్కి వచ్చింది, మూడోసారి ఎలా రాయాలి?

*ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్నగారు పద్దెనిమిదేళ్లు ఎలక్ట్రికల్ షాపు నడిపారు. రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. కిందటి ఏప్రిల్‌లో నా పేరు మీద జీఎస్టీ తీసుకున్నాం. నవంబర్ 14న మాదాపూర్‌లోని ఒక ఆఫీసుకి 47,200 రూపాయల సరుకు పంపాం. నాన్నగారు 86వ నంబర్ బిల్లు రాసిచ్చారు. తమ జీఎస్టీ నంబర్ దాని మీద లేదని ఆ ఆఫీసు అకౌంట్స్ వాళ్లు దాన్ని తిప్పి పంపారు. దాన్ని చించేసి, డిసెంబర్‌లో 91వ నంబర్‌తో ఇంకోటి రాశాను. వాళ్ల బెంగళూరు ఆఫీసు మెయిల్‌లో పంపిన 29తో మొదలయ్యే నంబర్ దాని మీద వేశాను. అదీ వెనక్కి వచ్చింది. రిటర్నులు వేసే ఆయనకు మొదటి బిల్లు మాత్రమే చూపించాను. ట్రూప్ బజార్‌లో సరుకిచ్చిన హోల్‌సేల్ ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. "అక్కడి అడ్మిన్ మేనేజర్ తెలిసినాయనే, ఇస్తారులే, ఊరికే అడిగితే బాగోదు" అంటారు నాన్నగారు. ఇప్పుడు ఇవాళ్టి తేదీతో కొత్త బిల్లు రాసి పంపేయనా? అసలు బిల్లులో ఏమేం ఉండాలి? రెండు బిల్లుల ఫోటోలూ, చలాన్ ఫోటో జత చేశాను.*

అమ్మా, ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మొదటి బిల్లులో ఒకటే లైను ఉంది: "ఎలక్ట్రికల్ సామాను, జీఎస్టీతో కలిపి, 47,200". తేదీ దగ్గర 14/11 అని ఉంది, సంవత్సరం లేదు. పైన షాపు పేరు, మీ జీఎస్టీ నంబర్ రబ్బరు స్టాంపుతో వేసి ఉన్నాయి. నంబర్‌లో చివరి రెండు అక్షరాలు కార్బన్ మరకలో కలిసిపోయాయి. అడుగున నాన్నగారి పేరు మీదున్న బ్యాంకు ఖాతా అచ్చు వేసి ఉంది.

పదకొండేళ్లు నేను ఒక కంపెనీలో బిల్లులు పాస్ చేసే బల్ల దగ్గరే కూర్చున్నాను. అందుకే వాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్తాను. మీ బిల్లు తిప్పి పంపిన మనిషికి మీ మీద అనుమానమేమీ లేదు. మీరు 47,200 అడిగితే అందులో 7,200 ట్యాక్స్. దాన్ని ఆ కంపెనీ తను కట్టాల్సిన ట్యాక్సులోంచి తగ్గించుకుంటుంది. మీ బిల్లు సరిగా లేకపోతే ఆ 7,200 వాళ్లకు పోయినట్టే. ఆ నష్టానికి జవాబు చెప్పాల్సింది బిల్లు పాస్ చేసిన మనిషే. అందుకే నాన్నగారికి తెలిసిన అడ్మిన్ మేనేజర్ ఎంత మంచివాడైనా డబ్బు కదలలేదు. ఆయనకు సరుకు అందింది, ఆయన పని అయిపోయింది. మిగతాదంతా సరుకును కంటితో చూడని మనిషి చేతిలో ఉంది, ఆ మనిషి ముందున్నది మీ కాగితం ఒక్కటే.

బిల్లులో ఉండాల్సినవాటి జాబితా జీఎస్టీ రూల్స్‌లో 46వ రూల్‌లో ఉంది. చాలా పొడుగ్గా ఉంటుంది, చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ అందులో అన్నీ ఒకే బరువున్నవి కావు. 36వ రూల్ కొన్నిటిని విడిగా చెప్తుంది: మిగతా వివరాల్లో కొన్ని తప్పిపోయినా ఇవి ఉంటే కొన్నవాళ్లు ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు అని. అవి ఏమిటంటే: అమ్మినవాళ్ల జీఎస్టీ నంబర్, కొన్నవాళ్ల జీఎస్టీ నంబర్, సరుకు వివరం, మొత్తం విలువ, వేసిన ట్యాక్స్ ఎంత అన్నది. వేరే రాష్ట్రానికి అమ్మితే ఏ రాష్ట్రానికి అన్నది కూడా. ముందు వీటిని చూసుకోండి. మీ మొదటి బిల్లులో కొన్నవాళ్ల నంబర్ లేదు, ట్యాక్స్ విడిగా లేదు. రెండోదానిలో నంబర్ వచ్చింది కానీ ట్యాక్స్ అప్పుడూ విడదీయలేదు. కాబట్టి "ఈసారికి సర్దుకోండి" అని వాళ్లను అడిగే దారి మీకు లేదు. ఈ ఐదూ ఉండి, వస్తువు రకాన్ని చెప్పే ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడో తప్పిపోయి ఉంటే, ఒక ఉత్తరం జతచేసి గట్టెక్కేవారు.

ఇక కొత్త తేదీతో కొత్త బిల్లు రాసేయడం గురించి. దయచేసి అలా రాయకండి. 86వ బిల్లు నవంబర్ రిటర్నులో ఎక్కింది. కౌంటర్ దగ్గర మామూలు మనిషికి అమ్మినట్టు ఎక్కింది, ఎందుకంటే దాని మీద కంపెనీ నంబర్ లేదు. దాని సంగతి తేల్చకుండా కొత్త బిల్లు రాస్తే ఒకే సరుకు రెండుసార్లు అమ్మినట్టు లెక్కలోకి వస్తుంది, 7,200 రెండుసార్లు కడతారు. కొత్తదాన్ని రిటర్నులో చూపించకపోతే అది ఆ కంపెనీకి ప్రతి నెలా వచ్చే 2బీ పట్టీలో కనబడదు. 2బీలో కనబడని బిల్లు మీద వాళ్లు క్రెడిట్ తీసుకోలేరు, అప్పుడు మూడో బిల్లు కూడా వెనక్కే వస్తుంది. అంటే కాగితం ఒక్కటే మారిస్తే సరిపోదు, రిటర్ను కూడా మారాలి.

ముందు 91వ బిల్లు పని చూడండి. అది రిటర్నులోకి వెళ్లలేదు కాబట్టి సులువు. వాళ్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చిన కాగితాన్ని, బుక్కులో ఉన్న కార్బన్ కాపీని కలిపి పిన్ను కొట్టి, అడ్డంగా "క్యాన్సిల్డ్" అని రాసి బుక్కులోనే ఉంచండి. రిటర్నులో ఎన్ని బిల్లులు రాశాం, ఎన్ని రద్దు చేశాం అని చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. డిసెంబర్‌ది అందులో ఏమని వెళ్లిందో రిటర్నులు వేసే ఆయన చూసుకుంటారు. ఇకమీదట ఏ బిల్లూ చించకండి. తప్పు రాసిన బిల్లు బుక్కులో ఉంటే తప్పే, కానీ మధ్యలో ఒక కాగితం లేకపోతే అది అనుమానం.

86వ దానికి రెండు దార్లున్నాయి. మొదటిది: అదే నంబర్, అదే నవంబర్ 14 తేదీతో, అన్ని వివరాలూ నింపి సవరించిన కాపీ ఇవ్వడం. రిటర్నులో నవంబర్ కౌంటర్ అమ్మకాల్లోంచి 40,000 తగ్గించి, ఈ బిల్లును కంపెనీ నంబర్‌తో విడిగా చేర్చాలి. మీది నెలవారీ రిటర్ను అయితే, వచ్చే నెల 11లోపు వేస్తే 14న వాళ్ల 2బీలో కనబడుతుంది. ట్యాక్స్ ఎక్కడా పెరగదు. సరుకు వెళ్లిన తేదీ, బిల్లు తేదీ ఒకటే ఉంటాయి కాబట్టి చట్టానికి దగ్గరగా ఉండే దారి ఇదే. సరుకు కదిలేనాటికే బిల్లు ఉండాలన్నది అసలు నియమం. ఇబ్బంది ఒక్కటే: కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తిప్పికొట్టిన నంబర్‌ను మళ్లీ ఎక్కించడానికి కుదరదు.

రెండోది: 86 మొత్తాన్ని వెనక్కి తీసుకున్నట్టు దాని మీద క్రెడిట్ నోటు రాసి, కొత్త నంబర్‌తో కొత్త బిల్లు ఇవ్వడం. కంపెనీలు చాలావరకు ఇదే అడుగుతాయి, వాళ్లకు ఇది సులువు. కానీ క్రెడిట్ నోటు ఉన్నది ధరో ట్యాక్సో ఎక్కువ పడినప్పుడు, సరుకు తిరిగొచ్చినప్పుడు, లేదా సరుకులో లోపం ఉన్నప్పుడు వాడటానికి. నంబర్ మర్చిపోయినందుకు రాయడం ఆ మూడింట్లోకి సూటిగా రాదు. పైగా కొత్త బిల్లు తేదీ నుంచి వాళ్లు మళ్లీ ముప్పై రోజులు లెక్కపెడతారు, ట్రూప్ బజార్ ఆయన ఇంకో నెల ఆగాలి. ఈ దారి తప్పనిసరైతే కొత్త బిల్లు మీద "సరుకు 14-11-2025న అందింది" అని, డెలివరీ చలాన్ వివరం రాయండి. క్రెడిట్ నోటు మీద పాత బిల్లు నంబరు, తేదీ వేయండి. అయితే గడువు నవంబర్ 14 నుంచే లెక్కపెట్టాలని ముందే మెయిల్‌లో ఒప్పించుకోండి. నా ఓటు మొదటి దారికే. వాళ్ల అకౌంట్స్‌లో ఒక ఫోన్ చేసి "86 నంబర్‌తోనే సవరించిన కాపీ తీసుకుంటారా?" అని అడిగాక నిర్ణయించుకోండి.

ఇక 29తో మొదలయ్యే నంబర్. మీరు చేసిన పెద్ద తప్పు ఇదే అయివుండొచ్చు, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. జీఎస్టీ నంబర్‌లో పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం: తెలంగాణకు 36, కర్ణాటకకు 29. తర్వాతి పది ఆ కంపెనీ పాన్. అంటే ఒకే కంపెనీకి మాదాపూర్‌లో ఒక నంబర్, బెంగళూరులో ఒక నంబర్ ఉంటాయి, మధ్యలో పాన్ మాత్రం ఒకటే. జీఎస్టీ లెక్కలో ఆ రెండూ ఇద్దరు వేర్వేరు మనుషుల్లాంటివి. మీ సరుకు కొన్నది ఎవరు?

ఆర్డర్ మాదాపూర్ ఆఫీసు ఇచ్చి, సరుకు మాదాపూర్‌లోనే దిగితే, బిల్లు 36 నంబర్ మీద రాయాలి. ట్యాక్స్ రెండు ముక్కలు: సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం. ఆర్డర్ బెంగళూరు ఆఫీసు ఇచ్చి, "సరుకు మాత్రం మాదాపూర్‌లో దింపండి" అంటే సంగతి వేరు. అప్పుడు బిల్లు 29 మీద, డెలివరీ అడ్రస్ మాదాపూర్, ట్యాక్స్ ఒకే ముక్క: ఐజీఎస్టీ 18 శాతం. మీ లారీ హైదరాబాద్ దాటకపోయినా ఇది కర్ణాటకకు అమ్మినట్టే. 29 నంబర్ వేసి దాని కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తే, తెలంగాణకు కట్టిన ట్యాక్స్ బెంగళూరు వాళ్లకు అక్కరకు రాదు. మీరేమో సరైన ట్యాక్స్ మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని రిఫండ్ అడగాలి. మీ రిటర్ను మామూలు కౌంటర్ అమ్మకంగా వెళ్లింది కాబట్టి అందులో ఉన్నది తెలంగాణ ట్యాక్సే. ఆర్డర్ బెంగళూరుదని తేలితే రిటర్ను సవరించేటప్పుడు ఈ మాట రిటర్నులు వేసే ఆయనకు ముందే చెప్పాలి.

కాబట్టి ఊహించకండి. పర్చేజ్ ఆర్డర్, అంటే పీవో, అడిగి తెప్పించుకోండి. దాని మీద "బిల్ టు" అని ఏ అడ్రస్, ఏ నంబర్ ఉంటే అదే మీ బిల్లుకు ఆధారం. ఆర్డర్ నోటిమాటే అయితే "బిల్లు ఏ నంబర్ మీద రాయాలి?" అని మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. నంబర్ రాగానే జీఎస్టీ పోర్టల్లో "సెర్చ్ టాక్స్‌పేయర్" దగ్గర వేసి చూస్తే పేరు, అడ్రస్, ప్రస్తుతం నడుస్తోందా రద్దయిందా అన్నీ కనబడతాయి. ఒక్క నిమిషం పని. బిల్లు మీద కంపెనీ పేరు అక్కడ ఉన్నట్టే రాయండి, బోర్డు మీద ఉన్నట్టు కాదు.

నంబర్ విషయంలో ఇంకోటి. నాన్నగారి దగ్గర ఒక బుక్కు, మీ దగ్గర ఒక బుక్కు ఉన్నట్టు రెండు ఫోటోల్లో చేతిరాతలు, కాగితం రంగు చూస్తే అనిపించింది. రెండూ 1 నుంచే మొదలైతే ఈ ఏడాది మీకు రెండు 86లు ఉన్నట్టు. బిల్లు నంబర్ ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే రావాలి, వరసగా రావాలి, 16 అక్షరాలు మించకూడదు. రెండు వరసలు పెట్టుకోవడం తప్పేమీ కాదు, వాటిని వేరుగా గుర్తుపట్టేట్టు ఉంటే చాలు. కంపెనీలకు రాసే బిల్లులు A/25-26/0001 అని, కౌంటర్ బిల్లులు B/25-26/0001 అని మొదలుపెట్టండి. ఇది పన్నెండు అక్షరాలు. కొంతమంది షాపు పేరు, ఊరు, ఏడాది అన్నీ కలిపి SLE/HYD/2025-26/0001 అని అచ్చు వేయిస్తారు. లెక్కపెడితే ఇరవై. రిటర్నులో ఎక్కించేటప్పుడు అది పట్టదు, అక్కడ ఒకలా, కాగితం మీద ఒకలా ఉంటే 2బీలో జత కుదరదు. ఏప్రిల్ 1 నుంచి 26-27 వేసి మళ్లీ 0001 నుంచి రండి.

నాన్నగారిని బిల్లులు రాయొద్దనాల్సిన పని దీంతో తప్పుతుంది. కౌంటర్ బుక్కు ఆయన దగ్గరే ఉండనివ్వండి. జీఎస్టీ లేని మనిషి 200 రూపాయల లోపు కొని బిల్లు అడగకపోతే విడిగా రాయనవసరం కూడా లేదు, రోజు చివర అలాంటివన్నీ కలిపి ఒక బిల్లు రాసుకుంటే చాలు. కంపెనీల బుక్కు మీరు తీసుకోండి.

ఇప్పుడు మీ సరుకుతోనే బిల్లు మధ్య భాగం రాసి చూపిస్తాను. మీరు పంపిన చలాన్‌లో ఉన్న లెక్క ఇది. 1.5 చదరపు మి.మీ. వైరు, 90 మీటర్ల కాయిల్స్ 10, ఒక్కోటి 1,800, మొత్తం 18,000. 2.5 వైరు కాయిల్స్ 4, ఒక్కోటి 2,900, మొత్తం 11,600. ఈ రెండింటికీ హెచ్‌ఎస్‌ఎన్ 8544. మాడ్యులర్ స్విచ్‌లు 80, ఒక్కోటి 55, మొత్తం 4,400, హెచ్‌ఎస్‌ఎన్ 8536. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 60, ఒక్కోటి 100, మొత్తం 6,000, హెచ్‌ఎస్‌ఎన్ 8539. ట్యాక్స్ కాక విలువ 40,000. మాదాపూర్ మీద అయితే సీజీఎస్టీ 3,600, ఎస్‌జీఎస్టీ 3,600. మొత్తం 47,200, అంకెల్లోనూ అక్షరాల్లోనూ.

"ఎలక్ట్రికల్ సామాను" అని రాస్తే చట్టానికీ చాలదు, అవతలి స్టోరు మనిషికీ చాలదు. ఆయన దించుకున్నది పది కాయిల్స్ అని రిజిస్టర్‌లో రాసుకున్నాడు, మీ బిల్లులో పది అన్న అంకె కనబడితేనే టిక్కు పెడతాడు. హెచ్‌ఎస్‌ఎన్ ఏడాదికి 5 కోట్ల లోపు అమ్మే షాపులకు నాలుగంకెలు చాలు, అదీ జీఎస్టీ ఉన్నవాళ్లకు రాసే బిల్లుల్లోనే తప్పనిసరి. కోడు ఊరికే వెతకనక్కర్లేదు, ట్రూప్ బజార్ ఆయన మీకిచ్చిన బిల్లులో ప్రతి వస్తువు పక్కనా ఉంటుంది. డిస్కౌంట్ ఇచ్చివుంటే ట్యాక్స్ వేయకముందే తగ్గించి చూపించండి. సంతకం పెట్టండి, స్టాంపు ఒక్కటే చాలదు. ట్యాక్స్ కట్టేది కొన్నవాళ్లు కాదు, మీరే అని తెలిసేలా "రివర్స్ ఛార్జ్: లేదు" అని అచ్చులో ఒక మాట ఉంటే సరి. మూడు కాపీలు రాయండి: అసలుది పార్టీకి, రెండోది సరుకు తీసుకెళ్లే బండికి, మూడోది మీకు.

ఇవన్నీ ఉంటే బిల్లు చెల్లుతుంది. డబ్బు రావడానికి ఇంకొన్ని కావాలి, వాటిని ఏ రూలూ అడగదు. పీవో నంబర్, తేదీ బిల్లు పైభాగంలో కనబడేలా వేయండి. సరుకు అందుకున్న మనిషి సంతకం, పేరు, తేదీ ఉన్న చలాన్ జతచేయండి. "చెల్లించాల్సిన తేదీ" అని స్పష్టంగా ఒక తేదీ వేయండి. "30 రోజుల్లో" అంటే ఎప్పటినుంచి అన్న వాదన మొదలవుతుంది.

అన్నిటికంటే ముందు ఆ బ్యాంకు ఖాతా మార్చండి. మీ జీఎస్టీ మీ పాన్ మీద ఉంది, బిల్లు అడుగున నాన్నగారి ఖాతా ఉంది. కంపెనీ అకౌంట్స్ వాళ్లు కొత్త పార్టీని ఎక్కించుకునేటప్పుడు జీఎస్టీ నంబర్‌లోంచి పాన్ తీసి, పాన్ పేరు, ఖాతా పేరు పక్కపక్కన పెట్టి చూస్తారు. కలవకపోతే బిల్లు ఎంత చక్కగా ఉన్నా చెల్లింపు ఆగిపోతుంది, ఆ కారణం మీకు ఎవరూ చెప్పరు కూడా. షాపు పేరు మీద కరెంట్ అకౌంటు తెరిస్తే మేలు, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ ఒక్క బిల్లు వరకు, జీఎస్టీ పోర్టల్లో మీరు ఇచ్చిన మీ సొంత ఖాతానే బిల్లు మీద వేయండి. ఖాతాదారు పేరు, నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, బ్రాంచి రాసి, క్యాన్సిల్డ్ చెక్కు ఒకటి జతచేయండి. మీ పేరు, షాపు పేరు రెండూ బిల్లు పైన ఉండాలి, లేకపోతే ఆ ఖాతా ఎవరిదో వాళ్లకు అర్థం కాదు. నాన్నగారి ఖాతా క్యూఆర్ స్టిక్కర్ కౌంటర్ మీద కూడా ఉంటే దాన్నీ మార్చండి.

"ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, 45 రోజుల్లో ఇవ్వకపోతే కేసు పెడతా అని రాయి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఇచ్చేది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం మాత్రమే, ఆలస్యపు చెల్లింపుల నియమం మీకు వర్తించదు. మీకు బలం పీవోలో రాసిన గడువు, చలాన్ మీద సంతకం.

నాన్నగారు అడగడానికి మొహమాటపడుతున్నారు కదా, మీరు బాకీ అడగకుండానే ఫోన్ చేయొచ్చు. అడ్మిన్ మేనేజర్‌కు కాకుండా అకౌంట్స్‌కు చేసి మూడు ప్రశ్నలు అడగండి: బిల్లు ఏ జీఎస్టీ నంబర్ మీద కావాలి, 86 నంబర్‌తో సవరించిన కాపీ తీసుకుంటారా లేక క్రెడిట్ నోటు కావాలా, పార్టీ వివరాల్లో ఏ ఖాతా ఎక్కింది. జవాబులు మెయిల్‌లో తెప్పించుకుని, అదే మెయిల్‌కు బిల్లు, చలాన్, పీవో, క్యాన్సిల్డ్ చెక్కు నాలుగూ ఒకే పీడీఎఫ్‌గా జతచేసి పంపండి. వచ్చే నెల 11 దాటకముందే ఆ ఫోన్ చేస్తే, రిటర్నులు వేసే ఆయనకు సవరణ ఎక్కించే టైము ఉంటుంది.